ధర రెట్టింపైనా గనుల నుంచి బంగారం ఎందుకు ఎక్కువ రాదు?

బెంగళూరు నగర్తపేట సందుల్లో నగలు చేసే చోట సాయంత్రం గచ్చు ఊడిస్తే ఆ దుమ్మును బయట పారేయరు. ఆకురాయి పట్టినప్పుడు రాలిన పొడి, పీట కింద చిక్కుకున్న రజను, చేతులు కడిగిన నీళ్ల అడుగున పేరుకున్న మడ్డి, అన్నీ ఒక డబ్బాలోకి చేరతాయి. కొన్నాళ్లకు ఆ దుమ్మును కాల్చి, జల్లించి, నీళ్లలో కడిగి, మిగిలిన బరువైన భాగాన్ని మూసలో కరిగిస్తారు. తాము చేసుకోలేకపోతే దుమ్ము కొనేవాళ్లకు అమ్ముతారు. బియ్యం వండితే అయిపోతుంది, పెట్రోలు పోస్తే కాలిపోతుంది. బంగారం మాత్రం ఊడ్చిన దుమ్ములోంచి కూడా వెనక్కి వస్తుంది. ప్రపంచంలో బంగారం సరఫరా ఎందుకంత మెల్లగా పెరుగుతుందో తెలుసుకోవాలంటే ముందు ఈ డబ్బాను గుర్తుపెట్టుకోవాలి.

మనిషి భూమిలోంచి తీసిన బంగారంలో అత్యధిక భాగం ఇప్పటికీ ఏదో ఒక రూపంలో పైనే ఉంది. ప్రపంచ స్వర్ణ మండలి లెక్క ప్రకారం 2024 చివరికి అది సుమారు 2,16,000 టన్నులు. అందులో 45 శాతం దాకా నగలు. కడ్డీలు, నాణేలు, గోల్డ్ ఫండ్లు కలిపి ఐదో వంతు కంటే కొంచెం ఎక్కువ. సెంట్రల్ బ్యాంకుల దగ్గర ఉన్నది ఆరో వంతు పైచిలుకు. మిగిలింది పరిశ్రమల్లోనూ ఇతర రూపాల్లోనూ ఉంది. ఇది తూకం వేసి చెప్పిన సంఖ్య కాదు, అంచనా. పాత రాజ్యాల కాలంలో ఎంత తవ్వారో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. అయినా ఆ తేడా మొత్తాన్ని పెద్దగా కదిలించదు, ఎందుకంటే ఇప్పటిదాకా తవ్విన బంగారంలో దాదాపు మూడింట రెండు వంతులు 1950 తర్వాత తీసిందే. ఆ కాలానికి లెక్కలు బాగానే ఉన్నాయి.

ఈ మొత్తాన్ని కరిగించి ఒకే దిమ్మగా పోస్తే ఎంత ఉంటుంది? బంగారం ఘనపు సెంటీమీటరుకు 19.3 గ్రాములు తూగుతుంది కాబట్టి ఆ దిమ్మ పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి 22 మీటర్ల పైచిలుకు వస్తాయి. బెంగళూరు లెక్కలో చెప్పాలంటే నాలుగున్నర 30×40 సైట్ల మీద ఏడంతస్తుల ఎత్తు. ప్రపంచంలోని గనులన్నీ కలిసి ఏడాదికి సుమారు 3,650 టన్నులు తీస్తున్నాయి. దాన్ని ఆ దిమ్మ పైన సమంగా పోస్తే ఎత్తు 38 సెంటీమీటర్లు పెరుగుతుంది. మోకాలి దాకా కూడా రాదు. శాతంలో అయితే ఏడాదికి 1.7. ఇదే వేగంతో పోతే దిమ్మ రెట్టింపు కావడానికి నలభై ఏళ్లు దాటుతుంది.

ఇక్కడ చాలామంది ఒక చోట పొరపడతారు. వార్తల్లో ‘ఏడాది సరఫరా సుమారు 5,000 టన్నులు’ అని వస్తుంది. అది చూసి దిమ్మకు అన్ని టన్నులు చేరాయనుకుంటారు. ఆ 5,000లో దాదాపు 1,370 టన్నులు పాత బంగారం కరిగించగా వచ్చినవి. అవ్వ గాజులు మార్చి మనవరాలికి హారం చేయిస్తే మార్కెట్‌లోకి సరఫరా వచ్చినట్టే లెక్క, కానీ దిమ్మకు ఒక్క మిల్లీగ్రాము కూడా చేరలేదు. దిమ్మను పెంచేది గని ఒక్కటే. అందుకే ధర పెరిగినప్పుడు ముందుగా స్పందించేది పాత నగలే, వారాల్లో మార్కెట్‌కు వచ్చేస్తాయి. గని అలా స్పందించదు. అసలు విషయం ఉన్నది గని దగ్గరే కాబట్టి దాని లోపలికి వెళ్దాం.

టన్నుకు గ్రాము బంగారం ఉన్న రాయి నేడు చాలా గనులకు పనికొచ్చే రాయే. ఒక టన్ను రాయి అంటే అన్ని వైపులా 72 సెంటీమీటర్లు ఉండే బండ. గ్రాము బంగారం అంటే ఒక పెసర గింజంత. ఆ గింజైనా ఒకే చోట ఉండదు. కంటికి కనబడని రేణువులుగా బండంతా చెదిరి, చాలాసార్లు ఇతర ఖనిజాల గింజల లోపల ఇరుక్కుని ఉంటుంది. రాయిని పేల్చి, లారీలకెత్తి, క్రషర్లో పగలగొట్టి, మిల్లులో ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నూరి, నీళ్లు కలిపి, సైనైడు ద్రావణంలో గంటల తరబడి కలియబెడితే బంగారం కరుగుతుంది. దాన్ని బొగ్గు రేణువులు పట్టుకుంటాయి. బొగ్గు నుంచి మళ్లీ కరిగించి తీసి, విద్యుత్తుతో లోహంగా రాబట్టి, కొలిమిలో పోస్తారు. టన్నుకు గ్రాము చొప్పున చూస్తే పది గ్రాముల గొలుసు వెనక పది టన్నులకు పైగా నూరిన రాయి ఉంటుంది, అంటే ఒక టిప్పర్ నిండా. ఆ రాయిని చేరడానికి పక్కకు తీసి పడేసిన బండలు దీనికి అదనం.

ఈ వరుసలో అన్నిటికంటే ఇరుకైన చోటు మిల్లు. గనిలో ఇంకో యంత్రం పెట్టి ఎక్కువ రాయి పేల్చవచ్చు, కానీ మిల్లు రోజుకు ఎన్ని టన్నులు నూరగలదో కట్టిన రోజే నిర్ణయమైపోతుంది. ఏడాదికి పది లక్షల టన్నులకు కట్టిన మిల్లు అంతే నూరుతుంది. కాబట్టి ఒక గని ఉత్పత్తి మూడు సంఖ్యల గుణకారం: నూరిన టన్నులు, టన్నుకు ఎన్ని గ్రాములు, అందులో ఎంత శాతం చేతికొచ్చింది. చివరి రెండిటినీ వరుసగా గ్రేడ్, రికవరీ అంటారు. టన్నులు కదలవు. రికవరీ చాలా చోట్ల ఇప్పటికే 90 శాతం చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అక్కడా పెద్దగా పెరగదు. మిగిలింది గ్రేడ్. ధర పెరిగితే ఆ గ్రేడే తగ్గుతుంది. చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది కాబట్టి ఒక లెక్క వేసి చూద్దాం.

ఒక గని ఉందనుకుందాం. టన్ను రాయిని నూరి శుద్ధి చేయడానికి 3,000 రూపాయలు అవుతుంది, రికవరీ 90 శాతం. బంగారం గ్రాము 5,000 రూపాయలున్నప్పుడు టన్నులో 0.67 గ్రాములైనా ఉంటేనే నూరిన ఖర్చు వస్తుంది. అంతకంటే తక్కువున్న రాయిని పక్కన గుట్ట పోస్తారు. ఈ గీతనే కటాఫ్ గ్రేడ్ అంటారు. ఇప్పుడు గ్రాము 10,000 అయింది. గీత సగానికి, అంటే 0.33కు దిగింది. నిన్నటిదాకా వ్యర్థం అనుకున్న అర గ్రాము రాయి ఈరోజు పనికొచ్చే రాయి. మిల్లు మాత్రం అదే.

మొదట్లో ఆ మిల్లు ఏడాదికి పది లక్షల టన్నులు, సగటున 1.5 గ్రాముల రాయి నూరేది. చేతికి 1,350 కిలోలు వచ్చేవి. ధర పెరిగాక మిల్లులో వేసే రాయిలో ఏడు వంతులు పాత రాయి, మూడు వంతులు అర గ్రాము రాయి అనుకుంటే సగటు 1.2 గ్రాములకు పడిపోతుంది. చేతికొచ్చేది 1,080 కిలోలు. ఉత్పత్తి ఐదో వంతు తగ్గింది. అయినా యజమానికి నష్టం లేదు: ముందు అమ్మకం 675 కోట్లు, ఇప్పుడు 1,080 కోట్లు.

మరి ధర బాగున్నప్పుడు మంచి రాయే ముందు నూరి ఎక్కువ బంగారం తీయొచ్చు కదా? కొన్ని గనులు అలాగే చేసి పేద రాయిని గుట్ట పోసి దాచుకుంటాయి. కానీ భూమిలో మంచి రాయి, పేద రాయి వేర్వేరు గదుల్లో ఉండవు. ఒకే మెట్టులో పక్కపక్కనే తగులుతాయి. లోతు గనిలో అయితే ఒక చోట మంచి రాయి మాత్రం లాగేసి ముందుకు పోతే వెనకున్న పేద రాయిని చేరే దారి కూలిపోవచ్చు, మూసుకుపోవచ్చు. అలా వదిలేసింది మళ్లీ దొరకదు. పైగా మంచి రాయి మాత్రమే తీసుకుంటూ పోతే గని ఆయుష్షు తగ్గుతుంది. అందువల్ల పెరిగిన ధర గనికి ఆయుష్షు ఇస్తుంది, ఈ ఏడాది ఎక్కువ కిలోలు ఇవ్వదు.

ఇది కాగితం లెక్క మాత్రమే కాదు. 1970లో దక్షిణాఫ్రికా ఒక్కటే దాదాపు 1,000 టన్నులు తీసింది. అప్పుడు ఔన్సు, అంటే 31.1 గ్రాములు, 35 డాలర్ల చుట్టూ ఉండేది. 1980 నాటికి ఏడాది సగటు ధర 600 డాలర్లు దాటింది. అంత ధరకు ఉత్పత్తి ఎంతో పెరగాలి. దక్షిణాఫ్రికా ఉత్పత్తి దాదాపు 675 టన్నులకు పడిపోయింది. గనులు మూతపడ్డాయని కాదు. టన్నుకు 13 గ్రాములున్న సగటు గ్రేడ్ 7 గ్రాముల దగ్గరికి దిగింది. అంతకుముందు వదిలేసిన పేద రాయిని ధర అండతో నూరడం మొదలుపెట్టారు. నేడు ఆ దేశం తీసేది 100 టన్నుల చుట్టూ.

మన పక్కనే ఉన్న కోలారు ఈ కథలో రెండో సగం చెబుతుంది. బెంగళూరు నుంచి రైల్లో బంగారపేటలో మారి మారికుప్పం వైపు వెళ్తే కోరమాండల్, ఊరుగాం, ఛాంపియన్ అని స్టేషన్లు వస్తాయి. అవి ఆ గనుల ప్రాంతాల పేర్లే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ అక్కడ పని మొదలుపెట్టింది. తొలి దశాబ్దాల్లో దొరికిన రాయిలో టన్నుకు 40 గ్రాముల దాకా ఉండేది. లోపలికి పోయేకొద్దీ రాయి పేదదైంది, దారి పొడవైంది. ఛాంపియన్ రీఫ్ గని 3.2 కిలోమీటర్ల లోతుకు చేరింది. ఆ లోతులో రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. చల్లగాలి పంపకపోతే మనిషి నిలవలేడు. పైన ఉన్న కొండంత బరువుకు గోడ రాళ్లు ఒక్కసారిగా పగిలి పేలతాయి, దాన్నే రాక్ బరస్ట్ అంటారు. ప్రతి టన్ను రాయిని మూడు కిలోమీటర్లు పైకి లాగాలి, ఊరే నీటిని రాత్రింబవళ్లు తోడాలి. 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు తీగలు లాగింది ఇందుకే. చివరికి టన్నుకు మూడు నాలుగు గ్రాములు మిగిలాయి. పైపై గుంతలో అంత గ్రేడ్ దొరికితే అదృష్టం, మూడు కిలోమీటర్ల కింద అయితే నష్టం. 2001 ఫిబ్రవరి 28న గని మూసేశారు.

ఆ ఏడాది ఔన్సు సగటు ధర 271 డాలర్లు. 2024 సగటు 2,386 డాలర్లు. దాదాపు తొమ్మిది రెట్లు. అయినా ఆ లోతుల నుంచి కొత్తగా ఏమీ పైకి రాలేదు. గని కుళాయి కాదు, కట్టేసి మళ్లీ తిప్పడానికి. పంపులు ఆగిన రోజు నుంచి సొరంగాలు నీటితో నిండుతాయి. ఆసరాకు పెట్టిన కర్రలు కుళ్లుతాయి, గోడలు కూలతాయి, ఏ పొర ఎక్కడ తిరిగిందో చేత్తో తెలిసిన మనుషులు వేరే పనుల్లోకి పోతారు. కేజీఎఫ్ నుంచి ఎంతోమంది రోజూ రైలెక్కి బెంగళూరు కొలువులకు వస్తున్నారు. ఆ నైపుణ్యం అలాగే చెదిరిపోయింది. మళ్లీ తెరవాలంటే ముందు నీళ్లు తోడి, షాఫ్టులు బాగుచేసి, అప్పుడు కానీ రాయి చూడలేరు. ఆ ఖర్చు కొత్త గనికయ్యే ఖర్చుతో పోటీ పడుతుంది.

నూట ఇరవై ఏళ్లలో కోలారు మొత్తం ఇచ్చింది సుమారు 800 టన్నులు. ఇప్పటి ప్రపంచ గనులు ఆ మొత్తాన్ని 80 రోజుల్లో తీస్తాయి. మన దేశం 2024లో కొన్నది కూడా దాదాపు అంతే, ఒక్క ఏడాదిలో. తరతరాల మనుషులు మూడు కిలోమీటర్ల లోతుకు దిగి తెచ్చిన బంగారం, మనం ఒక ఏడాదిలో పెళ్లిళ్లకూ పండగలకూ కొనే దాంతో సరిపోతుందంటే ఆ లోహం ఎంత కష్టంగా పైకి వస్తుందో అర్థమవుతుంది.

ఇక కొత్త గని సంగతి. పొర ఉందని అనుమానం వచ్చిన దగ్గర్నుంచి మొదటి కడ్డీ పోసేదాకా పది నుంచి ఇరవై ఏళ్లు పడుతుంది. నేల మీద నమూనాలు, తర్వాత వందల డ్రిల్లు బోర్లు, పరీక్షలు, లెక్కలు, భూమి, అనుమతులు, అప్పు, నిర్మాణం. వీటిలో ఏ మెట్టు దగ్గరైనా ఆగిపోవచ్చు. బోర్ల మధ్య పొర తెగిపోయిందని తేలినా, బంగారం సైనైడుకు లొంగని గింజల్లో ఇరుక్కుందని తేలినా అంతే. కర్నూలు జిల్లా జొన్నగిరిలో 2013లో మైనింగ్ లీజు వచ్చాక ప్లాంటు దశకు చేరడానికే పదేళ్లకు పైగా పట్టింది. అది పూర్తిగా నడిచినా ఏడాదికి టన్ను లోపే వస్తుందని అంచనా.

ఈ ఆలస్యం వల్ల ధరకూ ఉత్పత్తికీ మధ్య అడుగులు కలవవు. 1980లో ధర శిఖరానికి వెళ్లింది. దాన్ని చూసి మొదలైన అన్వేషణ, బహిరంగ గుంతల్లో రాయిని కుప్ప పోసి సైనైడు నీళ్లు చల్లే హీప్ లీచింగ్ పద్ధతి కలిసి ప్రపంచ ఉత్పత్తిని 1,200 టన్నుల నుంచి 1990కి 2,100 దాటించాయి. అప్పటికి ధర చాలా కిందికొచ్చింది. 1999లో ఔన్సు 250 డాలర్ల దగ్గర పడి ఉన్నప్పుడు కంపెనీలు అన్వేషణ ఖర్చు కోసేశాయి. అందుకే 2001 నుంచి 2008 దాకా ధర మూడింతలైనా ప్రపంచ ఉత్పత్తి పెరగలేదు, తగ్గింది. తెరవడానికి సిద్ధంగా గనులు లేవు. ఉన్న గనులు పేద రాయి వైపు దిగాయి. ఈ కాలాన్ని వదిలేసి ‘ధర పెరిగితే సరఫరా పెరుగుతుంది’ అని చెప్పేవాళ్ల మాట నాకు అసంపూర్ణంగానే తోస్తుంది. 2018లో ఉత్పత్తి 3,650 టన్నుల దగ్గర ఉంది. 2024లోనూ అదే స్థాయి. మధ్యలో సగటు ధర 1,268 నుంచి 2,386 డాలర్లకు వెళ్లింది.

ఒకవేళ ఏదో అద్భుతం జరిగి గనులన్నీ రెట్టింపు తీశాయనుకున్నా దిమ్మ పెరుగుదల 1.7 నుంచి 3.4 శాతానికి చేరుతుంది, అంతే. కింద ఉన్న గుట్ట అంత పెద్దది. గోధుమ పంట ఒక ఏడాది పోతే గోదాములు ఖాళీ అవుతాయి. బంగారం గనులన్నీ ఒక ఏడాది మూసేసినా నగల డబ్బాల్లో, లాకర్లలో 59 ఏళ్ల ఉత్పత్తికి సమానమైన సరుకు ఉంటుంది.

ఎవరైనా ఫలానా గని ఉత్పత్తి పెరగబోతోందని చెప్తే ఆ కంపెనీ త్రైమాసిక నివేదికలో పైన చెప్పిన మూడు సంఖ్యలే చూడాలి. నూరిన టన్నులు పెరగకుండా, గ్రేడ్ దిగుతూ ఉంటే ఆదాయం ఎంత పెరిగినా బంగారం పెరగదు. కొత్త మిల్లు కడుతున్నారా లేదా అన్నదే అసలు ప్రశ్న. నిల్వలు పెరిగాయన్న ప్రకటన వస్తే అది కొత్తగా బోరు వేసి కనుక్కున్న బంగారమా, లేక ధర పెరిగి కటాఫ్ గీత దిగడంతో పాత పేద రాయి లెక్కలోకి వచ్చిందా అని విడదీయాలి. రెండోది కాగితం మీద పెరుగుదలే.

కోలారులో ఊరి చుట్టూ లేత పసుపు, బూడిద రంగుల్లో నిలిచిన దిబ్బలను కూడా ఇదే లెక్కతో చూడవచ్చు. అక్కడివాళ్లు వాటిని సైనైడ్ దిబ్బలంటారు. నూరి బంగారం తీశాక మిగిలిన పిండి అది, సుమారు 3.3 కోట్ల టన్నులు. టన్నుకు 0.7 గ్రాముల చొప్పున ఇంకా దాదాపు 23 టన్నుల బంగారం అందులో ఉంది. పేల్చే పని లేదు, మూడు కిలోమీటర్ల నుంచి లాగే పని లేదు, ఇప్పటికే నూరి ఉంది. కానీ మొదటిసారి సైనైడుకు లొంగనిదే వెనక మిగిలింది. గింజల లోపల ఇరుక్కున్న ఆ బంగారం కోసం మళ్లీ ఇంకా మెత్తగా నూరాలి. అప్పుడు కూడా అంతా రాదు. సగానికి కొంచెం ఎక్కువ వచ్చిందనుకున్నా పదమూడు టన్నులు. దేశం కొనే వేగానికి అది ఆరు రోజుల బంగారం. 22 మీటర్ల దిమ్మ మీద పరిస్తే పొర మందం మిల్లీమీటరు పైచిలుకు.